అలారం మోగుతోంది, మందు మాత్రం పడటం లేదు: మీ గొంతుతో రిమైండర్ పెట్టే పద్ధతి

ప్రొద్దుటూరులో మందుల షాపు నడుపుతున్నాను కాబట్టి మందుల చీటీలతో పాటు ఇళ్ళల్లోని ఫోన్లు కూడా నా చేతికి వస్తుంటాయి. "అలారం పెట్టినాం సార్. మోగుతాది, అమ్మ ఆపేస్తాది, మళ్ళా టీవీ కాడికి పోతాది" అని బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటూ పండక్కి వచ్చిన కొడుకులు, కోడళ్ళు చెబుతుంటారు. వాళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే. బీప్ తీసేసి, ఆ అలారంలో మీ గొంతు పెట్టండి. ఇది చాలా ఇళ్ళల్లో పనిచేస్తుంది. పనిచేయని చోట ఎందుకు చేయదో కూడా తెలుసుకుని పెట్టుకోవాలి.

సమస్య: అలారం మోగినా పెద్దవాళ్ళు కదలరు

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అలారం మోగే వేళకు ఫోన్‌ను రోజూ ఉండే చోటే ఉంచి, మీరు దూరంగా నిలబడి చూడండి. మోగగానే వాళ్ళ తల అటు తిరిగిందా? తిరగకపోతే అది వినికిడి సమస్య. తిరిగి, లేచి వెళ్ళి ఆపేసి, వచ్చి కూర్చుంటే అది వేరే సమస్య.

వినికిడి సంగతి చూద్దాం. వయసు పెరిగేకొద్దీ చెవికి మొదట తగ్గేది సన్నని, కీచుమనే శబ్దాలు వినే శక్తి. బీప్‌లు చాలావరకు ఆ కోవలోవే. మనిషి మాటలో బరువంతా, ముఖ్యంగా అచ్చుల్లో, అంతకంటే కింది స్థాయిలో ఉంటుంది. అందుకే పక్క గదిలో బీప్ వినబడని అవ్వకు, అదే గదిలోంచి "అవ్వా" అని పిలిస్తే వినబడుతుంది.

రెండోది, విని కూడా ఆపేయడం. బీప్‌కు అర్థం ఉండదు. కుక్కర్, వాషింగ్ మెషిన్, మనవడి గేమ్, అన్నీ అట్లాగే మోగుతాయి. రోజూ ఒకే శబ్దం వచ్చి, దానివల్ల ఏమీ జరగకపోతే మెదడు దాన్ని పక్కన పెట్టడం నేర్చుకుంటుంది. పైగా బీప్ విన్నాక "ఇది దేనికి పెట్టినాం?" అని గుర్తు తెచ్చుకోవాలి. ఆ గుర్తు తెచ్చుకోవడమే కష్టమైన మనిషికి మనం ఆ పనే అప్పజెబుతున్నాం.

గొంతు విషయంలో పరిశోధనలు కూడా ఉన్నాయి. 2006లో అమెరికాలో 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 24 మందిని నిద్రలో ఉండగా పొగ అలారంతో పరీక్షించారు. మామూలు అలారానికి 14 మంది లేచారు. అమ్మో నాన్నో పేరు పెట్టి పిలిచి, ఏం చేయాలో చెప్పే రికార్డింగుకు 23 మంది లేచారు. మామూలు అలారానికి గది దాటి బయటకు వచ్చినవాళ్ళు 9 మందే, గొంతుకు 20 మంది. అయితే తర్వాతి పరిశోధనల్లో తెలియని మనిషి గొంతు కూడా కీచు అలారం కంటే బాగా లేపగలదని తేలింది. అంటే లేపడానికి గొంతు అయితే చాలు, అది ఎవరిదైనా సరే. తెలిసిన గొంతు వల్ల లాభం ఇంకో చోట ఉంది. 2013లో కెనడాలో చేసిన పరిశోధనలో, ఇద్దరు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు జీవిత భాగస్వామి గొంతులోని మాటలు పరాయి గొంతులోని మాటల కంటే బాగా అర్థమయ్యాయి. సాయంత్రం సీరియల్ మోగుతుండే మన ఇళ్ళకు సరిగ్గా ఇదే కావాలి.

సమస్య: గొంతు పెట్టినా పని జరగలేదు

మా వీధిలోని ఒక ఇంటి సంగతి చెబుతాను. జేజికి గ్లకోమా అనే కంటి జబ్బు. రాత్రి ఎనిమిదికి రెండు రకాల చుక్కల మందు వేసుకోవాలి. గ్లకోమాలో ఎక్కువమందికి నొప్పి ఉండదు, చూపు తేడా కూడా చాలాకాలం తెలియదు. కాబట్టి మందు గుర్తు చేయడానికి ఒళ్ళు సాయం రాదు. అనంతపురంలో చదువుకునే మనవడు ఇంటికొచ్చి ఇట్లా రికార్డు చేసి పెట్టాడు: "జేజీ, ఎట్లుండావు? సంగటి తిన్యావా? నాకు పరీక్షలు దగ్గర పడినాయి. నువ్వు మందులు మర్చిపోవద్దు, కండ్లు జాగ్రత్త..." అట్లా అర నిమిషం పైనే ఉంది.

జేజి ఫోన్ పట్టుకుని, "తిన్యా నాయనా, నువ్వు బాగా చదువుకో" అని జవాబు చెప్పి ఆపేసింది. మందు వేసుకోలేదు. గొంతు విని కదిలింది, కానీ ఆ రికార్డింగు ఆమెను పలకరించిందే తప్ప పని చెప్పలేదు. చెప్పిన ఒక్క మాటా చివర్లో ఉంది. అక్కడిదాకా ఆమె వినలేదు.

ఇద్దరం కూర్చుని మార్చాం. ముందు పిలుపు, వెంటనే పని, తర్వాత వస్తువు ఎక్కడుందో. అంతే.

"జేజీ! కండ్ల మందు వేసుకో. టీవీ పక్క గూట్లో ఉంది. రబ్బరు బ్యాండు చుట్టిన సీసా ముందు."

ఎనిమిది సెకన్లు పట్టింది. చివర మూడు సెకన్లు ఖాళీ వదిలాం, ఎందుకంటే అలారం అదే రికార్డింగును మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ఖాళీ లేకపోతే చివరి మాట మీద మొదటి మాట వచ్చి పడుతుంది. రబ్బరు బ్యాండు ఎందుకంటే, ఆమెకు సీసా మీది అక్షరాలు కనబడవు కానీ వేలికి బ్యాండు తగులుతుంది. ఒక చుక్కకూ ఇంకో చుక్కకూ మధ్య కనీసం ఐదు నిమిషాలు ఉండాలి. లేకపోతే రెండో మందు మొదటిదాన్ని కడిగేస్తుంది. అందుకని ఎనిమిది పదికి రెండో అలారం పెట్టాం: "జేజీ! ఇప్పుడు రెండో సీసా. బ్యాండు లేనిది." బీప్ ఈ తేడా చెప్పలేదు కదా. మందును, ఫోన్‌ను కూడా టీవీ దగ్గరికే మార్చాం. గొంతు పిలిచిన చోటు నుంచి మందు రెండడుగుల్లో లేకపోతే మధ్యలో ఇంకో పని అడ్డొస్తుంది.

రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. మన కడప ఎండలకు కష్టమే అయినా ఆ అర నిమిషం ఓర్చుకోవాలి, లేకపోతే మాట వెనక గాలి హోరు తప్ప ఏమీ వినబడదు. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా పట్టుకోండి. చెవిలో చెప్పినట్టు కాకుండా, వంటింట్లోంచి హాల్లో మనిషిని పిలిచినట్టు పిలవండి. కోపంగా మాత్రం వద్దు. రోజూ గదమాయించే గొంతును ఎవరైనా తొందరగా ఆపేస్తారు.

సమస్య: రికార్డు చేసిన ఫైలు అలారంలో కనబడటం లేదు

వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌ను అలారంగా పెట్టబోతే చాలాసార్లు ఈ చిక్కు వస్తుంది. అది వాట్సాప్ సొంత ఫోల్డర్లో ఉండిపోతుంది, అలారం దాన్ని చూపించదు. తేలిక దారి, పెద్దవాళ్ళ ఫోన్‌లోనే వాయిస్ రికార్డర్ తెరిచి నేరుగా రికార్డు చేయడం. దూరంలో ఉంటే రికార్డర్లో చేసిన ఫైలును డాక్యుమెంట్‌గా పంపి, అక్కడ డౌన్‌లోడ్ చేయించండి. తర్వాత గూగుల్ `Clock` యాప్‌లో ఆ అలారం తెరిచి, గంట బొమ్మ మీద నొక్కి, `Add new` ద్వారా ఫైలు ఎంచుకోండి. వేరే కంపెనీ ఫోన్లలో పేర్లు కాస్త మారినా దారి ఇదే.

సమస్య: మొదటి మాట వినబడదు, లేదా ఉన్నట్టుండి పాత బీప్ వచ్చేసింది

మొదటి మాటలు మింగేస్తుంటే `Clock` సెట్టింగుల్లో `Gradually increase volume` చూడండి. అది ఆన్‌లో ఉంటే శబ్దం మెల్లగా మొదలై పెరుగుతుంది. బీప్‌కు అది మంచిదే కానీ, మన రికార్డింగులో అసలైన పిలుపు ఆ మొదటి సెకన్లలోనే పోతుంది. దాన్ని ఆపేయండి. అలారం వాల్యూమ్ పాటల వాల్యూమ్‌కు, కాల్స్ వాల్యూమ్‌కు వేరుగా ఉంటుంది. పాటలు గట్టిగా వస్తున్నాయి కదా అని వదిలేయొద్దు, విడిగా పెంచి చూడండి.

పాత బీప్ తిరిగొస్తే ఎవరో ఫోన్‌లో జాగా లేదని ఆ ఫైలును తుడిచేసి ఉంటారు. ఫైలుకు "జేజి మందు, తీసేయొద్దు" అని పేరు పెట్టండి.

సమస్య: కొన్ని వారాలు బాగా నడిచి, మళ్ళీ పట్టించుకోవడం లేదు

గొంతయినా సరే, అదే మాట అదే స్వరంలో రోజూ వస్తే అలవాటైపోతుంది. నెలకోసారి కొత్తగా రికార్డు చేయండి. మాట మార్చక్కర్లేదు, మనిషి మారితే చాలు. ఒక నెల కొడుకు, ఇంకో నెల మనవరాలు. పనికిరాని వాటికి గొంతు వాడకండి. నీళ్ళ మోటరుకు, పాల ప్యాకెట్‌కు, మందుకు అన్నిటికీ మీరే పిలుస్తుంటే ఏ పిలుపుకూ విలువ ఉండదు. మందుకు మాత్రమే ఉంచుకోండి.

సమస్య: నా రిమైండర్ నేనే రికార్డు చేసుకున్నా, వినబుద్ధి కావడం లేదు

ఇది మామూలే. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా మనకు చేరుతుంది కాబట్టి నిండుగా వినిపిస్తుంది. రికార్డింగులో ఎముకల భాగం ఉండదు, సన్నగా అనిపిస్తుంది. కొన్నాళ్ళు వింటే సర్దుకుంటుంది. అయినా ఇబ్బందిగా ఉంటే ఇంట్లో ఇంకొకరితో చెప్పించుకోండి.

గొంతు సరిపోని చోట్లు

మందు వేసుకున్నారో లేదో రికార్డింగుకు తెలియదు. పదిహేను నిమిషాల తర్వాత అదే గొంతు మళ్ళీ పిలిస్తే, వేసుకున్న మనిషి కూడా సందేహపడి ఇంకోసారి వేసుకునే ప్రమాదం ఉంది. షుగర్ మాత్రల్లో, రక్తం పల్చబడే మందుల్లో ఇది చిన్న విషయం కాదు. కాబట్టి రోజుకో గది ఉండే మాత్రల డబ్బా పక్కన ఉండాలి, రికార్డింగులో "ఈరోజు గది ఖాళీగా ఉంటే వేసుకోవద్దు" అనే మాట చేర్చాలి.

మతిమరుపు జబ్బు ముదిరినవాళ్ళ విషయంలో మొదటి రెండు రోజులు మీరు పక్కనుండి చూడండి. కొడుకు గొంతు విని వాకిలి దాకా వెళ్ళి వెతుకుతుంటే, లేదా కంగారు పడుతుంటే ఆ అలారం వెంటనే తీసేయండి. వాళ్ళకు పక్కన మనిషే ఉండాలి. చనిపోయిన మనిషి పాత రికార్డింగును మాత్రం ఎంత ప్రేమతోనైనా సరే రిమైండరుగా పెట్టొద్దు.

ఇంకొకటి, రికార్డింగులో మోతాదు చెప్పకండి. "సగం మాత్ర", "రెండు మాత్రలు" అని చెప్పి పెడితే, డాక్టరు మోతాదు మార్చిన తర్వాత కూడా ఆ గొంతు పాత లెక్కే చెబుతూ ఉంటుంది. పెద్దవాళ్ళు చీటీ కంటే కొడుకు మాటనే నమ్ముతారు. ఎక్కడుందో చెప్పండి, ఎంత అన్నది డబ్బాలో సర్ది పెట్టండి. కొత్త చీటీ రాసిన రోజే పాత రికార్డింగులన్నీ ఒకసారి విని, సరిపోనివి తుడిచేయండి.