నామినీకి డబ్బు అందింది, గొడవ మొదలైంది: వీలునామాలో, నామినేషన్‌లో జరిగే పొరపాట్లు, వాటి పరిష్కారాలు

రిటైరైన ఒక టీచరు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. బ్యాంకులో 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఆ రోజు బ్యాంకుకు తోడు వెళ్లినవాడు పెద్దబ్బాయి కాబట్టి నామినీగా అతని పేరే రాశారు. ఆయన మనసులో మాత్రం లెక్క వేరు. సగం భార్యకు, మిగతా సగం కూతురికీ చిన్నబ్బాయికీ సమానంగా వెళ్లాలి. పెద్దబ్బాయికి ఇల్లు కట్టుకునేటప్పుడే సాయం చేశారు. ఈ మాట ఇంట్లో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు.

సమస్య: టీచరుగారు చనిపోయాక బ్యాంకు మొత్తం పెద్దబ్బాయికి ఇచ్చేసింది. చెల్లెలు లాయరు నోటీసు పంపింది.

కారణం: నామినీ అంటే వారసుడని చాలామంది అనుకుంటారు. బ్యాంకు డిపాజిట్ల విషయంలో అది నిజం కాదు. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకోగలడు, అతనికి ఇవ్వడంతో బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. ఆ తర్వాత ఆ డబ్బు అతని చేతిలో అసలు వారసుల తరఫున ఉన్నట్టే. సుప్రీంకోర్టు 2010లో బ్యాంకు డిపాజిట్ల గురించి, 2023లో షేర్లు, డిబెంచర్ల గురించి ఇదే చెప్పింది.

వీలునామా లేకపోతే అసలు వారసులెవరో చట్టమే చెబుతుంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇక్కడ భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా 3 లక్షలు. టీచరుగారి తల్లి బతికి ఉంటే ఆమెకూ సమాన వాటా ఉంటుంది, అప్పుడు ఒక్కొక్కరికి 2 లక్షల 40 వేలు. తల్లి వాటా సంగతి చాలా ఇళ్లలో తెలియదు. అంటే వీలునామా లేకుండా పోతే ఇటు నామినేషన్‌లో ఉన్నట్టూ జరగదు, అటు ఆయన అనుకున్నట్టూ జరగదు.

పరిష్కారం: వీలునామా రాయాలి, నామినేషన్‌ను దానికి సరిపోయేలా మార్చాలి. రెండింటిలో ఏ ఒక్కటి చేసినా పని సగమే అవుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో రాయవచ్చు. మొత్తం 100 శాతం కావాలి. టీచరుగారు భార్యకు 50, కూతురికి 25, చిన్నబ్బాయికి 25 అని ఫారం ఇచ్చి, వీలునామాలోనూ అదే రాస్తే బ్యాంకు ఇచ్చే డబ్బు నేరుగా చేరాల్సిన చేతికే చేరుతుంది. ఒకరి నుంచి ఇంకొకరు అడిగి తీసుకోవాల్సిన పరిస్థితి రాదు.

సమస్య: బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులకు కోర్టు ఇచ్చే పత్రం, తెమ్మంటోంది.

కారణం: నామినీ లేరు, లేదా ఉన్న నామినీ ఎప్పుడో చనిపోయారు. ఖాతాకు నామినీ ఉన్నారు కదా అని ధీమాగా ఉంటారు, కానీ తర్వాత విడిగా తెరిచిన డిపాజిట్‌కు ఆ పేరు ఎక్కకపోయి ఉండవచ్చు. ఇక కోర్టు, ఫీజు, నెలల తరబడి తిరగడం.

పరిష్కారం: పాసుబుక్కు, ప్రతి డిపాజిట్ రసీదు తీసి చూడండి. నామినేషన్ నమోదైనట్టు దాని మీద ముద్రించి ఉండాలి. లేకపోతే కొత్త ఫారం ఇచ్చి, బ్యాంకు నుంచి అందినట్టు రసీదు తీసుకోండి. నామినీ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటే క్లెయిము రోజున అదే టెన్షన్ అవుతుంది.

సమస్య: కొడుకు పీఎఫ్‌లో నామినీగా తల్లి పేరే ఉంది, కోడలి పేరు లేదు.

కారణం: ఉద్యోగంలో చేరిన రోజు రాసిన నామినేషన్‌ను పెళ్లయ్యాక మార్చలేదు. పీఎఫ్ నిబంధనల ప్రకారం పెళ్లికి ముందు చేసిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది. పరిష్కారం: పీఎఫ్ పోర్టల్‌లో యూఏఎన్‌తో లాగిన్ అయి ఈ-నామినేషన్ కొత్తగా చేసి, ఆధార్ ఓటీపీతో సంతకం పూర్తి చేయాలి. వివరాలు సేవ్ చేసి సంతకం దగ్గర ఆపేస్తే అది నమోదు కాదు.

జీవిత బీమా సంగతి కొంచెం వేరు. 2015 సవరణ ప్రకారం తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే ఆ సొమ్ము వాళ్లదేనని చట్టం అంటోంది. అయినా దీని మీద కోర్టుల తీర్పులు ఒకే తీరుగా లేవు. అందుకే పాలసీలో ఉన్న పేరు, వీలునామాలో రాసే పేరు ఒకటే ఉండేలా చూసుకోవడం క్షేమం.

సమస్య: వీలునామా ఉంది, కానీ అది చెల్లదని పెద్దబ్బాయి కోర్టుకెళ్లాడు.

కారణం ఎక్కువగా సాక్షుల దగ్గర ఉంటుంది. వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. రాసిన మనిషి సంతకం పెట్టడం చూసి వాళ్లు ఆయన ఎదుటే సంతకాలు చేయాలి. కోర్టులో రుజువు చేయాల్సి వస్తే, బతికి ఉండి అందుబాటులో ఉన్న సాక్షి కనీసం ఒకరైనా వచ్చి చెప్పాలి. తన ఈడు స్నేహితులిద్దరినీ సాక్షులుగా పెట్టుకుంటే, అవసరమైన రోజుకి ఇద్దరూ ఉండకపోవచ్చు. రెండో కారణం, సొంత కొడుకుని ఎందుకు పక్కన పెట్టారో వీలునామాలో ఒక్క ముక్కా లేకపోవడం. అలాంటి వీలునామాను కోర్టు అనుమానంగా చూడవచ్చు.

పరిష్కారం: వయసులో చిన్నవాళ్లను, వీలునామా వల్ల ఏమీ రానివాళ్లను సాక్షులుగా పెట్టుకోండి. వయసు పైబడినవారైతే ఒక సాక్షి తెలిసిన డాక్టరైతే మంచిది, మనసు నిలకడగా ఉందన్న మాటకు బలం వస్తుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ నా మాటగా చేయించమనే చెబుతాను. సబ్ రిజిస్ట్రార్ ముందు స్వయంగా హాజరైన రికార్డు ఉంటే సంతకం ఆయనది కాదనడం కష్టమవుతుంది.

టీచరుగారి వీలునామాలో అసలు భాగం ఇంతే:

"నేను పూర్తి స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా దీన్ని రాస్తున్నాను. ఇంతకుముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. ఫలానా బ్యాంకు, ఫలానా శాఖలో నేను చనిపోయే నాటికి నా పేరున ఉన్న డిపాజిట్లు, ఖాతా నిల్వ అన్నిటిలో సగం నా భార్యకు, పావు వంతు నా కుమార్తెకు, పావు వంతు నా చిన్న కుమారుడికి చెందాలి. పెద్ద కుమారుడికి ఇంటి నిర్మాణానికి లోగడే సాయం చేశాను గనుక ఇందులో వాటా ఇవ్వలేదు. నా భార్య నాకంటే ముందు చనిపోతే ఆమె వాటా కుమార్తెకు, చిన్న కుమారుడికి సమానంగా చెందాలి. ఇందులో రాయని ఆస్తి ఏదైనా ఉంటే అది నా భార్యకు, ఆమె లేకపోతే నా ముగ్గురు పిల్లలకు సమానంగా చెందాలి."

డిపాజిట్ నంబర్లు రాయకుండా "నా పేరున ఉన్న డిపాజిట్లు" అన్నది కావాలనే. రెన్యువల్‌లో నంబరు మారితే, పాత నంబరు పట్టుకుని ఇది ఆ డిపాజిట్ కాదని వాదించే వీలు ఉండకూడదు. కింద తేదీ, ఊరు, ప్రతి పేజీ మీద సంతకం, చివర ఇద్దరు సాక్షుల పేర్లు, చిరునామాలు, సంతకాలు. తర్వాత మార్పు కావాలంటే కొట్టివేతలు పెట్టకుండా, మళ్లీ ఇద్దరు సాక్షులతో కొత్తది రాయాలి.

ఒక పరిమితి ఉంది. ఇదంతా సొంత సంపాదనకే వర్తిస్తుంది. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే రాయగలరు. ముస్లిములు తమ ధర్మశాస్త్రం ప్రకారం, మిగతా వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

సమస్య: వీలునామా రాశారని తెలుసు, ఎక్కడుందో తెలియదు.

కారణం: బీరువాలో పత్రాల మధ్య ఉంది, లేదా ఒక్కరి పేరున ఉన్న లాకర్లో ఉంది. ఆ లాకరు తెరవాలంటే మళ్లీ క్లెయిము ఫారాలు, మరణ ధృవీకరణ పత్రం, బ్యాంకు చుట్టూ తిరుగుడు. పరిష్కారం: అసలు ప్రతి ఇంట్లోనే ఉంచి, ఎక్కడుందో భార్యకు, వీలునామా అమలు చేసే బాధ్యత అప్పగించిన మనిషికి చెప్పాలి. రిజిస్టరు చేయిస్తే నంబరు, తేదీ, ఆఫీసు పేరు ఒక కాగితం మీద రాసి ఇద్దరికీ ఇవ్వాలి. అసలు పోయినా రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అడగడానికి ఆ మూడు వివరాలు పనికొస్తాయి.