బరువు మారకపోయినా నడుము కొలవండి

త్రాసు మొత్తం బరువునే చెబుతుంది, అందులో కండ ఎంతో కొవ్వు ఎంతో చెప్పదు. వయసు పెరిగేకొద్దీ కండ తగ్గి, పొట్ట లోపల అవయవాల చుట్టూ కొవ్వు చేరితే అంకె కదలదు. మధుమేహానికి, గుండె జబ్బుకు ఎక్కువగా దారితీసేది ఆ లోపలి కొవ్వే.

అందుకే టేపు తీసుకోండి. చాలామంది ప్యాంటు కట్టుకునే చోట, అంటే పొట్ట కింద కొలిచి తక్కువే ఉందనుకుంటారు. పక్కన చివరి పక్కటెముకను, తుంటి ఎముక పైఅంచును వేలితో తడిమి, ఆ రెండింటి మధ్యలో టేపు పెట్టాలి. పొట్ట బిగపట్టకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. టేపు చర్మాన్ని నొక్కకూడదు. తర్వాత తుంటిని, అంటే పిరుదులు అత్యంత వెడల్పుగా ఉన్నచోట కొలిచి, నడుము కొలతను దానితో భాగించండి.

ఒక పురుషుడు అప్పుడూ ఇప్పుడూ 70 కిలోలే అనుకుందాం. నడుము 86 నుంచి 94 సెంటీమీటర్లకు పెరిగింది, తుంటి 98 నుంచి 96కు తగ్గింది. నిష్పత్తి 0.88 నుంచి 0.98కి చేరింది. పురుషులకు 0.90, స్త్రీలకు 0.85 దాటితే ముప్పు పెరిగినట్టే.

అయితే నడుము, తుంటి రెండూ కలిసి పెరిగితే నిష్పత్తి పెద్దగా మారకపోవచ్చు. కాబట్టి నేనైతే ముందు నడుము కొలతనే చూడమంటాను. దక్షిణాసియా వారికి పురుషుల్లో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దు. అది దాటితే రక్తంలో చక్కెర, కొవ్వులు, రక్తపోటు పరీక్ష చేయించుకోండి. గర్భిణులకు, పొట్టలో నీరు చేరినవారికి ఈ కొలతలు వర్తించవు.