ఇల్లు కొనాలా, అద్దెకుండాలా: అడ్వాన్సు ఇచ్చే ముందు లెక్కలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

"పదేళ్లలో అద్దెకు పోసిందంతా వృథా, అదే కొనుంటే ఇంటి విలువ పెరిగేది" అన్న మాట విని అడ్వాన్సు ఇచ్చేవాళ్లు చాలామంది. ఆ మాటలో వేర్వేరు సంవత్సరాల డబ్బు ఒకే కుప్పలో పడుతోంది. పదేళ్ల తర్వాత చేతికొచ్చే రూపాయి ఈరోజు రూపాయితో సమానం కాదు. అందుకే రెండు దారుల ఖర్చులనూ ఈరోజు విలువకు తగ్గించి పోల్చాలి. దీన్నే నికర ప్రస్తుత విలువ అంటారు.

ఇంటి ధర 100 అనుకుందాం. రిజిస్ట్రేషన్ వగైరా ఖర్చులు 7. నిర్వహణకు మొదటి ఏడాది 1, అద్దె అయితే మొదటి ఏడాది 3. ఈ రెండూ, ఇంటి ధర కూడా ఏటా 5 శాతం పెరుగుతాయి. పదేళ్లకు అమ్మేస్తాం, అమ్మకపు ఖర్చు 2 శాతం. మన డబ్బు వేరేచోట 9 శాతం తెస్తుంది, అప్పు కూడా 9 శాతానికే దొరికింది.

పదేళ్లకు ఇల్లు 162.9 పలుకుతుంది. అమ్మకపు ఖర్చు పోగా 159.6 మిగులుతుంది, ఏటా 9 శాతం చొప్పున వెనక్కి తగ్గిస్తే ఈరోజు లెక్కలో అది 67.4 మాత్రమే. పదేళ్ల నిర్వహణ ఈరోజు విలువలో 7.8. అంటే కొనడానికి నికరంగా అయ్యేది 107 + 7.8 − 67.4, అంటే 47.4. అదే పదేళ్ల అద్దె ఈరోజు విలువలో 23.4. ఈ అంకెల్లో అద్దెకు ఉంటే అయ్యే ఖర్చు కొనడంలో సగమే. మొదటి ఏడాది అద్దె, ఇంటి ధరలో 6 శాతం దాకా ఉంటేనే రెండూ సమానమవుతాయి.

ఇందులో డౌన్ పేమెంట్ ఎక్కడుందని అడుగుతారు. 20 చేతి నుంచి కట్టి 80 అప్పు తెచ్చామనుకోండి. అప్పు వడ్డీ, మనం తగ్గించడానికి వాడిన రేటు రెండూ 9 శాతమే కాబట్టి వాయిదాలూ, చివర్లో తీర్చే బాకీ కలిపి ఈరోజు విలువలో సరిగ్గా 80 అవుతాయి. అందుకే మొత్తం నగదు పెట్టినట్టే లెక్క వేశాం.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. "20ని వేరేచోట పెట్టుంటే వచ్చే రాబడి పోయింది కదా" అని దాన్ని మళ్లీ విడిగా కొనుగోలు ఖర్చులో కలుపుతారు. 20 పదేళ్లలో 47.3 అవుతుంది, లాభం 27.3, దాని నేటి విలువ 11.55. అది కలిపితే 47.4 కాస్తా 58.9 అయిపోతుంది. కానీ 9 శాతంతో తగ్గించినప్పుడే ఆ కోల్పోయిన రాబడి లెక్కలోకి వచ్చేసింది. ఒకే నష్టాన్ని రెండుసార్లు మోపడం ఇది. అప్పుడు కొనదగ్గ ఇల్లు కూడా కొనదగ్గదిగా కనిపించకపోవచ్చు.

రేటు ఎంచుకోవడంలోనూ నిజాయితీ కావాలి. మీ డబ్బు పన్ను పోగా నిజంగా 6 శాతమే తెస్తుంటే 6 వాడండి. అప్పుడు పూర్తి నగదుతో కొంటే ఖర్చు 26.9, అద్దె 27.1, దాదాపు సమానం. కానీ అప్పు మాత్రం 9 శాతానికి తెచ్చుకుంటే ఆ తేడా భారం మీ మీద అదనంగా పడుతుంది, వాయిదాలను విడిగా వేసి చూడాల్సిందే.

ధర పెరుగుదల గురించి అమ్మేవాళ్లు "పదేళ్లలో రెట్టింపు" అంటారు. అది ఏటా 7.2 శాతమే. అంత పెరిగినా పై ఉదాహరణలో కొనుగోలు ఖర్చు 32 దగ్గర ఆగుతుంది, అద్దె 23.4 కన్నా ఇంకా ఎక్కువే. కొనడం గెలవాలంటే ఇంటి ధర పెరుగుదల ఏటా 8.24 శాతం దాటాలి. పైగా పెరిగేది ప్రధానంగా స్థలం విలువ, కట్టడం అరిగిపోతూనే ఉంటుంది. అందుకే నిర్వహణను తగ్గించి రాసుకుని పెరుగుదలను మాత్రం పూర్తిగా వేసుకోకండి. పైకప్పు కారడం, పైపులు మార్చడం ఏటా సమానంగా రావు, ఒక్కసారే పెద్దగా వస్తాయి. 1 శాతం సగటు మాత్రమే, పాత ఇంటికి అది చాలదు.

ఎన్నాళ్లుంటారన్నది కూడా లెక్కను తిరగేస్తుంది. మూడేళ్లకే అమ్మాల్సి వస్తే కొనడం, అమ్మడంలో అయ్యే ఖర్చులు ఆ కొద్ది కాలం మీదే పడతాయి. అప్పుడు సమానం కావడానికి మొదటి ఏడాది అద్దె, ఇంటి ధరలో 8.3 శాతం ఉండాలి.

స్ప్రెడ్‌షీట్‌లో వేసేవాళ్లు ఒకటి గమనించాలి. నికర ప్రస్తుత విలువ కట్టే NPV సూత్రం తన జాబితాలో మొదటి మొత్తాన్ని ఏడాది చివర్లో వచ్చినట్టు భావిస్తుంది. ఈరోజు పెట్టే డబ్బును దాని బయటే ఉంచాలి:

```
=-107+NPV(9%,B2:B11)
```

B2 నుంచి B10 వరకు ఏటా నిర్వహణను మైనస్‌లో రాయండి. B11లో పదో ఏటి నిర్వహణ పోగా మిగిలిన అమ్మకపు మొత్తం పెట్టండి. సమాధానం −47.4 దగ్గర రావాలి. −43.5 వస్తే 107 బ్రాకెట్ లోపలికి పోయినట్టే.