దీపావళి యాడ్స్‌కి బడ్జెట్ పెంచే ముందు

దసరా దగ్గరపడగానే బెంగళూరులో మిఠాయి కొట్ల వాళ్లు గూగుల్ యాడ్స్ తెరిచి ముందుగా బడ్జెట్ పెంచేస్తారు. నిజానికి అది ఆఖర్న చేయాల్సిన పని. లోపల అంతా కలగాపులగంగా ఉంటే, ఎటు పోతోందో తెలియని డబ్బే పెరుగుతుంది.

మారతహళ్లిలో మనవాళ్ల కొట్టు ఒకటి ఉందనుకుందాం. పూతరేకులు, కాజాలు వెబ్‌సైట్లో అమ్ముతారు, డెలివరీ బెంగళూరు లోపలే. పండక్కి ఆఫీసుల నుంచి వందల గిఫ్ట్ బాక్సుల ఆర్డర్లు కూడా వస్తాయి. అన్నిటికీ కలిపి ఒకే క్యాంపెయిన్, రోజుకు 2000 రూపాయలు. `sweets near me` అని వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి డబ్బులో పెద్ద వాటా వాళ్ల క్లిక్కులకే పోతుంది. ఆఫీసులో హెచ్చార్ వాళ్లు `corporate diwali gift box` అని వెతికినప్పుడు మన యాడ్ చాలాసార్లు కనబడదు. రిపోర్టు మాత్రం బాగానే ఉంటుంది: 40 కన్వర్షన్లు, అంటే క్లిక్ తర్వాత వచ్చిన ఆర్డర్లూ ఎంక్వైరీలూ, ఒక్కోటి 50 రూపాయలు. విడదీసి చూస్తే 38 అరకిలో ఆర్డర్లు, బల్క్ ఎంక్వైరీలు రెండే. ఆ 50 రూపాయల సగటు ఏ వ్యాపారం గురించీ ఏమీ చెప్పదు.

ఎక్కడ విడగొట్టాలో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే. బడ్జెట్, ఊరు, తేదీలు వేరుగా ఉండాలంటే వేరే క్యాంపెయిన్ పెట్టాలి. వెతికే మాట, చూపించే యాడ్ మాత్రమే మారితే అదే క్యాంపెయిన్ లోపల వేరే యాడ్ గ్రూప్ చాలు. ఈ లెక్కన ఈ కొట్టుకి మూడు క్యాంపెయిన్లు సరిపోతాయి: కొట్టు పేరుతో వెతికేవాళ్లకి ఒకటి, ఇంటి ఆర్డర్లకి ఒకటి, బల్క్‌కి ఒకటి. పూతరేకులు, కాజాలు ఇంటి ఆర్డర్ల క్యాంపెయిన్లో రెండు యాడ్ గ్రూపులు అవుతాయి. పూతరేకులని వెతికినవాళ్లకి పూతరేకుల యాడే కనబడాలి, నొక్కితే పూతరేకుల పేజీయే తెరుచుకోవాలి. మిఠాయికో క్యాంపెయిన్ పెట్టే ఉత్సాహవంతులూ ఉంటారు. రోజుకు 2000ను పదిహేను ముక్కలు చేస్తే ఒక్కోదానికి 130 చిల్లర మిగులుతుంది. దాంతో మూడు ఆర్డర్లు రావడమే కష్టం, ఇక ఏది పనిచేస్తోందో ఎలా తెలుస్తుంది?

పేర్లు కూడా ఇప్పుడే సరిచేయండి. `Campaign 7` అని ఉంటే నవంబరులో అదేమిటో ఎవరికీ గుర్తుండదు. `BLR_Search_Home`, `BLR_Search_Bulk_Diwali` లాంటివి పెడితే, రిపోర్టులో `Bulk` అని ఫిల్టర్ చేయగానే లెక్క వేరుపడుతుంది. బల్క్ ఎంక్వైరీనీ వెబ్‌సైట్ ఆర్డర్‌నీ రెండు వేర్వేరు కన్వర్షన్లుగా నమోదు చేయండి. అది చేయకపోతే క్యాంపెయిన్లు విడగొట్టినా క్లిక్కుకి ఎంత పెట్టాలో గూగులే తేల్చే ఆటోమేటిక్ బిడ్డింగ్ రెంటినీ ఒకేలా చూస్తుంది.

విడగొట్టాక అసలు తంటా మొదలవుతుంది. బల్క్ కోసం వెతికినవాళ్లు ఇంటి ఆర్డర్ల క్యాంపెయిన్లోకి వచ్చి పడుతుంటారు, ముఖ్యంగా దగ్గరి అర్థమున్న వెతుకులాటలకీ యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్ కీవర్డ్‌లు ఉంటే. అందుకని ఇంటి క్యాంపెయిన్లో `bulk`, `corporate` నెగటివ్ కీవర్డ్‌లుగా పెట్టాలి. `box` పెట్టకండి. ఒక్క మాట నెగటివ్‌గా పెడితే ఆ మాట ఉన్న ప్రతి వెతుకులాటా ఆగిపోతుంది, `1 kg sweet box` అని వెతికే మంచి గిరాకీ కూడా పోతుంది. `recipe`, `jobs` మాత్రం అన్ని క్యాంపెయిన్లలోనూ నెగటివ్‌గా ఉండాలి. పండగ వారాల్లో రెండ్రోజులకోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు చూడండి. ఒకే మాట రెండు క్యాంపెయిన్లలో కనిపిస్తే గోడకి ఇంకా కన్నం ఉన్నట్టే. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఎన్ని రకాలుగా రాస్తారో కూడా అక్కడే తెలుస్తుంది: `putharekulu`, `pootharekulu`, `putarekulu`.

లొకేషన్ ఆప్షన్లలో మామూలుగా ఉండే సెట్టింగ్, ఊళ్లో ఉన్నవాళ్లతో పాటు ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లనీ కలుపుకుంటుంది. అంటే విజయవాడలో కూర్చుని బెంగళూరు మిఠాయిల గురించి వెతికినవాళ్ల క్లిక్కుకీ మీరే కట్టాలి. ఇంటి డెలివరీ క్యాంపెయిన్లో దాన్ని ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించే `Presence`కి మార్చండి. బల్క్‌కి అంత పట్టుదల అక్కర్లేదు, హైదరాబాద్‌లో కూర్చుని బెంగళూరు ఆఫీసుకి ఆర్డర్ పెట్టేవాళ్లూ ఉంటారు.

ఇవన్నీ అయ్యాకే బడ్జెట్. రోజుకు 3000 అని పెడితే అది సగటు మాత్రమే. వెతుకులాటలు ఎక్కువున్న రోజు గూగుల్ దానికి రెట్టింపు, అంటే 6000 దాకా ఖర్చు చేయొచ్చు. నెల మొత్తానికి మాత్రం 30.4 రెట్లు, 91,200 దాటదు. పండగ పది రోజులే నడిపే క్యాంపెయిన్‌కి ఆ నెల పరిమితి పెద్దగా అడ్డుకాదు కాబట్టి, రోజుకి గరిష్ఠంగా భరించగలిగిన దాంట్లో సగమే బడ్జెట్‌గా వేసి, ముగింపు తేదీ కూడా పెట్టండి.

ఇదంతా దీపావళికి కనీసం నెల ముందే అయిపోవాలి. ఆటోమేటిక్ బిడ్డింగ్ పెట్టిన కొత్త క్యాంపెయిన్ కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది, పైగా ఆఫీసుల ఆర్డర్లు ఇంటి ఆర్డర్ల కంటే ముందే ఖాయమవుతాయి. పాత క్యాంపెయిన్‌ని పాజ్ చేయండి, రిమూవ్ చేయకండి. రిమూవ్ చేసినదాన్ని మళ్లీ ఆన్ చేయడం కుదరదు.