చేతుల ఎగ్జిమా, మూడో పాఠం: గ్లౌజు లోపల ఏమైతుంది

పోయిన పాఠంల నేను చేసిన తప్పు ముందు ఒప్పుకుంట. క్రీమ్ ఎంత పెట్టాలె, ఎన్నిసార్లు పెట్టాలె అని పేజీలు రాసిన గని, పెట్టినంక గ్లౌజు ఎప్పుడు తొడగాలె అన్నది ఒక్క ముక్క రాయలే. ఏండ్లకేండ్లు వార్డుల పని చేసినదాన్ని కదా, అది అందరికి తెలిసిందే అనుకున్న. ఇగ చూస్తే మీరు అడిగినవాట్ల సగం గదే. "అక్కా, మీరు చెప్పినట్టే రాసిన, గ్లౌజు తొడిగిన, చేతులు ఇంకా ఎక్కువైనయ్." ఒకామె అయితే వాజిలిన్ మందంగ పూసుకొని లేటెక్స్ గ్లౌజు తొడిగిందట, డ్రెస్సింగ్ మధ్యల వేలు దగ్గర చినిగిందట. చినుగుతది మరి. వాజిలిన్, నూనెలు లేటెక్సును మెత్తగ చేసి పాడుచేస్తయి. వాజిలిన్ రాత్రికి, లేటెక్స్ డ్యూటీకి, రెండిటిని కలపొద్దు. డ్యూటీల నీళ్లు కలిసిన లోషన్ రాసుకోండి, అది కూడ పూర్తిగ ఇంకినంకనే గ్లౌజు.

క్రీమ్ కొలత మళ్ల చెప్త, మర్చిపోయిన్రు చానమంది. చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాక ట్యూబు పిండితే అది దగ్గర దగ్గర అర గ్రాము, ఒక చేయి ముందు వెనక రెండు దిక్కులకు అంత కావాలె. మీరు వేస్తున్నది బఠాణీ గింజంత, అది సరిపోదు. వేళ్ల సందులు, గోళ్ల చుట్టు, మణికట్టు, ఇవి విడిచిపెడుతున్నరు. ఇంతకంటే దీని మీద ఏం చెప్పను.

ఇప్పుడు నాకు కోపం వచ్చే విషయానికి వస్త. తడి చేతికి గ్లౌజు తొడగడం.

జర నిమ్మలంగ వినుండ్రి. మన చర్మం పై పొర చచ్చిన కణాలతోని ఉంటది, వాటి మధ్యల కొవ్వు ఉంటది, ఇటుకల మధ్య సున్నం లెక్క. సబ్బు ఆ సున్నాన్ని కడిగేస్తది, అది మీకు తెలుసు. తెలియనిదేందంటే, కడిగినంక సబ్బు మొత్తం పోదు, వేళ్ల సందుల, ఉంగరం కింద కొద్దిగ మిగులుతది. దాని మీద తుడుచుకోకుండ గ్లౌజు తొడిగితే ఏమైతది? మూత పెట్టి ఉడకపెట్టినట్టు. లోపల వెచ్చగ, తడిగ, చెమట బయటికి పోయే దారి లేదు, ఆ తడికి పై పొర ఉబ్బి వదులైతది, వదులైన సందుల నుంచి మిగిలిన సబ్బు లోపలికి పోతది. మామూలుగ గాలికి ఆరిపోయే సబ్బు గంట సేపు చర్మం మీద కూర్చుంటది. గ్లౌజు తీసినప్పుడు వేళ్లు తెల్లగ ముడతలు పడి ఉంటయి చూడు, అది గదే. బట్టలు ఉతికిన చేతిలెక్క ఉంటది, అంటే గ్లౌజు మిమ్మల్ని తడి నుంచి కాపాడలే, తడిలనే పెట్టింది.

గందుకే వృత్తి చర్మరోగాలు చూసేటోళ్లు గ్లౌజు తొడిగిన సమయాన్ని కూడ తడి పని కింద లెక్కేస్తరు. రోజుకు 2 గంటలు దాటి చేతులు తడిల ఉన్నా, 2 గంటలు దాటి నీళ్లు దూరని గ్లౌజుల ఉన్నా, 20 సార్లకు మించి కడిగినా అది తడి పనే అని వాళ్ల కొలత. "నేను పొద్దంత గ్లౌజు తీయనే లేదక్కా, ఎట్ల వచ్చింది" అని అడిగేటోళ్లకు సమాధానం వాళ్ల ప్రశ్నలనే ఉంది.

ఇప్పుడు ఒక కేసు చెప్త, హన్మకొండల ఒక హాస్టల్ మెస్సుల వంట చేసే అక్క. నాలుగున్నరకు లేచి అయిదింటికి పనిల దిగుతది. బియ్యం కడుగుడు, కూరగాయలు కోసుడు, రోజు ఒక బుట్టెడు ఎల్లిగడ్డ ఒలుసుడు, చింతపండు పిసుకుడు, తర్వాత బోళ్లు తోముడు. చెయ్యి చూపెట్టింది. రెండు చేతుల మెటికల మీద పొడిగ, ఎర్రగ, కొద్దిగ పొట్టు లేస్తుంది. ఎడమ చేయి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రం చీలికలు, ఒక్కో చీలికల నెత్తురు. నా పాఠం చదివి పసుపు రంగు రబ్బరు గ్లౌజులు కొన్నది, లోషన్ పూసుకొని వెంటనే తొడిగి అయిదు గంటల నుంచి పది దాక తీయకుండ పని చేసింది. వారంల ఇంకా ఎక్కువైంది. నన్నే తిట్టింది, తిట్టనియ్యి.

ఈమెకు రెండు వేరువేరు బాధలు ఉన్నయ్, ఒకటి రెండు చేతులది, రెండోది ఎడమ చేతి వేళ్లది. ముందు మొదటిది తీసుకున్నం. గ్లౌజు ఏ పనికి, ఎంతసేపు అని విడగొట్టినం. పొయ్యి దగ్గర గ్లౌజు వద్దే వద్దు, రబ్బరు వేడికి కరిగి చేతికి అంటుకుంటది. బియ్యం, కూరగాయలు కడుగుతానికి, బోళ్లకు మోచేతి దగ్గరి దాక వచ్చే పొడుగు గ్లౌజు, లోపల పల్చటి నూలు గ్లౌజు. నూలుది చెమటను పీల్చుకుంటది. నాలుగు జతలు కొనిపిచ్చిన, తడిసింది తీసి ఆరింది వేసుకునుడే, సాయంత్రం ఉతికి దండెం మీద వేసుడు. బయటి గ్లౌజు పదిహేను, ఇరవై నిమిషాలకు ఒకసారి తీసి చేతికి గాలి తగలనియ్యాలె. లోపలికి నీళ్లు కారినా, చినిగినా అప్పుడే తీసెయ్యాలె, "ఈ ఒక్క బోలు అయినంక" అనొద్దు. పని అయినంక గోరువెచ్చటి నీళ్లు, తక్కువ సబ్బు, తువాలతోని రుద్దకుండ అద్దుకునుడు, లోషన్. ఉంగరం తీసి పసుపుతాడుకు కట్టుకున్నది, ఆ సలహా నాది కాదు, వాళ్ల అత్తది.

మూడు వారాలకు రెండు చేతుల మెటికలు మంచిగైనయ్. ఎడమ వేళ్లు మాత్రం అట్లనే. ఇగ అప్పుడు అర్థమైంది. కుడిచేతి వాటం ఉన్నోళ్లు కత్తి కుడి చేత పట్టుకుంటరు, ఎల్లిగడ్డను ఎడమ బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతోని పట్టుకుంటరు. సరిగ్గ ఆ మూడు వేళ్లే. ఎల్లిగడ్డల డయల్లైల్ డైసల్ఫైడ్ అని ఒక పదార్థం ఉంటది, అది పడనోళ్లకు వేలి కొసలు ఇట్లనే పగులుతయ్, చాలా రకాల గ్లౌజుల నుంచి కూడ అది లోపలికి వస్తది. అంటే ఎల్లిగడ్డకు గ్లౌజు మందు కాదు. ఎల్లిగడ్డ పని వేరేవాళ్లకు అప్పజెప్పింది, వేళ్లు మానినయ్. పండుగనాడు మనుషులు తక్కువై ఒక్కరోజు మళ్ల ఒలిచింది, రెండు రోజులకు మళ్ల దురద, ఎరుపు. గట్ల తిరిగి వచ్చిందంటేనే అలర్జీ అనుమానం గట్టిగ పడాలె, ఆమెను ప్యాచ్ టెస్టుకు పంపిన. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటిస్తరు, 48 గంటలకు తీస్తరు, ఇంకో రెండు రోజులకు మళ్ల చూస్తరు. ఆ నాలుగు రోజులు వీపు తడపొద్దు, గందుకే మన ఎండాకాలంల పెట్టిచ్చుకోకండి, చెమటకు పట్టీలు ఊడిపోతయ్.

నర్సుల సంగతి. మీ చేతులకు కండ్లకు కనపడే మురికి, నెత్తురు లేకపోతే సబ్బు కాదు, ఆల్కహాల్ కలిసిన హ్యాండ్ రబ్ వాడుండ్రి. నీళ్ల విరేచనాల పేషెంటు దగ్గర మాత్రం సబ్బు నీళ్లే, కొన్ని క్రిముల గుడ్లలాంటివి ఆల్కహాల్‌కు చావవు. హ్యాండ్ రబ్ వేస్తే మండుతుందని మళ్ల సబ్బుకే పోతున్నరు చానమంది. మంట అలర్జీ కాదు, చర్మం ముందే చీలింది కాబట్టి మంట, సబ్బు ఆ చీలికలను పెంచుతది, మంట లేకుండనే పెంచుతది. ఇంకోటి, సబ్బుతోని కడిగి తడి చేతికే రబ్ వేసుడు ఆపుండ్రి, ఏదో ఒక్కటి.

"నేను లేటెక్స్ మానేసి నైట్రైల్‌కు మారిన, ఇంకా దురదే" అనేటోళ్లు చూడాల్సింది దద్దుర్లు ఎక్కడున్నయని. చేతి వెనక దిక్కు, గ్లౌజు అంచు ముగిసే మణికట్టు దాక గీత గీసినట్టుంటే, తొడిగినంక ఒకటి రెండు రోజులకు లేస్తుంటే, రబ్బరు గట్టిపడుతానికి కలిపే రసాయనాలు, థైయూరామ్, కార్బమేట్ లాంటివి పడుతలేవేమో. అవి నైట్రైల్ గ్లౌజుల కూడ ఉంటయి. ఆ రసాయనాలనే యాక్సిలరేటర్లు అంటరు, యాక్సిలరేటర్ లేనివి అని డబ్బా మీద రాసి ఉన్నవి దొరుకుతయ్, సిస్టర్ ఇన్‌ఛార్జికి చెప్పి తెప్పిచ్చుకోండి. వినైల్ గ్లౌజులు తొందరగ చినుగుతయ్ కాబట్టి నెత్తురు పనికి వద్దు. అదే తొడిగిన పది పదిహేను నిమిషాలల్ల బెందులు లేస్తే, తుమ్ములు, ఆయాసం వస్తే అది లేటెక్స్ అలర్జీ, వేరే కథ, ప్రమాదం. డాక్టరుకు చెప్పాలె, ఆపరేషన్, పండ్ల డాక్టరు దగ్గర కూడ ముందే చెప్పాలె. ఆయాసం వచ్చిందంటే అప్పుడే ఎమర్జెన్సీకి పోవాలె.

ఇంకో మాట, ఈ చేతుల ఎగ్జిమాను మన దగ్గర అందరు తామర అంటరు, గజ్జి అంటరు. ఫంగస్‌కు కూడ తామర అనే పేరే. గా పేరుతోనే మెడికల్ షాపుకు పోయి అడిగితే వాడు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడు కలిపిన ట్యూబు ఇస్తడు. నాలుగు రోజులు దురద తగ్గుతది, నిజంగ ఫంగస్ అయితే లోపల లోపల పాకుతది, ఎగ్జిమా అయితే ఆపంగనే తిరిగి లేస్తది. ఒక్క చేతికే పొట్టు లేచి రెండు పాదాలకు కూడ ఉంటే ఫంగస్ చూపిచ్చుకోండి, అది క్రీమ్, గ్లౌజులతోని పోదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు పోవాలె అంటే, చెప్పిన జాగ్రత్తలన్ని రెండు వారాలు చేసినా తగ్గకపోతే, రాత్రి దురదకు నిద్ర పడకపోతే, సెలవుల తగ్గి డ్యూటీల చేరంగనే తిరిగొస్తే. చీము, పసుపు పక్కు, వేడి వాపు, చేయి మీదికి ఎర్ర గీత, జ్వరం, వీటిల ఏదున్నా రెండు వారాలు ఆగొద్దు, అదే రోజు పోవాలె. పుండు కారుతున్న చేతితోని డ్రెస్సింగ్ చెయ్యొద్దు, వంట చెయ్యొద్దు, ఇన్‌ఛార్జికి చెప్పుండ్రి. వరంగల్ దిక్కోళ్లకు ఎంజీఎంల చర్మ విభాగం ఉంది. పోయేటప్పుడు గ్లౌజు డబ్బా ఫోటో, సబ్బు ఫోటో, ఇప్పటిదాక రాసుకున్న అన్ని ట్యూబులు పట్టుకొని పోండి. స్టెరాయిడ్ ఇస్తే వాళ్లు చెప్పినన్ని రోజులే, మీ అంతట మీరు పెంచుకోవద్దు, తగ్గించుకోవద్దు. ఇంకోటి, పైకి మానినట్టు కనపడ్డా లోపలి గోడ గట్టిపడుతానికి ఇంకా వారాలు పడుతది, లోషన్ ఆపకండి.

అభ్యాసం కష్టమే ఈసారి. మూడు రోజులు జేబుల చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. సబ్బుతోని కడిగినప్పుడల్లా ఒక గీత, హ్యాండ్ రబ్‌కు ఒక చుక్క, గ్లౌజు తొడిగినప్పుడు టైము, తీసినప్పుడు టైము. వంటోళ్లు ఏ కూరగాయ ఏ చేత పట్టుకున్నరో కూడ రాయాలె, నర్సులు గ్లౌజు తీసినంక వేళ్లు తెల్లగ ముడతలున్నయా లేదా రాయాలె. రాత్రి లెక్క కట్టుండ్రి. గీతలు 20 దాటినా, గ్లౌజు నిమిషాలు 120 దాటినా దాని కింద ఎర్ర పెన్నుతోని గీయుండ్రి. వచ్చే పాఠం ఆ ఎర్రగీతల నుంచే మొదలు పెడదం, పుస్తకం లేనోళ్లు రాకుంటేనే మంచిది.