టైటిల్ ట్యాగ్ రాసే ముందు జాగ్రత్తలు

గూగుల్ ఫలితాల్లో పేజీ పేరుగా కనిపించే టైటిల్ అరవై అక్షరాల్లోపు ఉండాలంటారు. ఆ లెక్కను తెలుగు టైటిల్‌కు నమ్మకండి. గూగుల్ కత్తిరించేది వెడల్పును బట్టి. డెస్క్‌టాప్‌లో సుమారు 600 పిక్సెల్స్ దాటితే చివర చుక్కలు పడతాయి. ‘పచ్చడి’ కంటికి మూడక్షరాలే, అక్షరాలు లెక్కపెట్టే కౌంటర్ మాత్రం ఆరు చూపిస్తుంది. అందుకే బ్రౌజర్‌లో 20 పిక్సెల్స్ సైజులో టైటిల్ పెట్టి వెడల్పు కొలవండి. ఫోన్‌లో ఫాంట్ మారుతుంది కాబట్టి 550 దగ్గరే ఆపడం మేలు.

జనం వెతికే మాట ముందుండాలి. ఇలా రాస్తే అసలు మాటే తెగిపోవచ్చు:

```html
<title>సైటు పేరు | ఇంట్లోనే సులువుగా రుచిగా చేసుకునే గోంగూర పచ్చడి</title>
```

ఇలా మార్చండి:

```html
<title>గోంగూర పచ్చడి: ఏడాది నిల్వ ఉండేలా | సైటు పేరు</title>
```

ఇప్పుడు తెగినా పోయేది సైటు పేరే. అది ఫలితం పైన ఎలాగూ విడిగా కనిపిస్తుంది.

కీవర్డ్ ముందుండాలని దాన్నే రెండు మూడుసార్లు రాయొద్దు. అలా కుక్కిన టైటిల్‌ను గూగుల్ పక్కనపెట్టి, పేజీలోని పెద్ద హెడ్డింగ్‌ను చూపించవచ్చు. కాబట్టి ఆ హెడ్డింగ్‌లోనూ ‘గోంగూర పచ్చడి’ ఉందో లేదో చూసుకోండి.

పబ్లిష్ చేశాక పేజీ మళ్లీ ఇండెక్స్ అయ్యేదాకా పాత టైటిలే కనిపిస్తుంది. టెన్షన్ పడి వెంటనే మార్చేయకండి.