పుట్టిన తేదీ మార్చాక పిల్లల గూగుల్ అకౌంట్ తెరుచుకోవడం లేదా? తప్పు పాస్‌వర్డ్‌ది కాదు

లక్షణం ఇలా ఉంటుంది. పిల్లల ఫోన్లో మెయిల్ ఆగిపోతుంది, ప్లే స్టోర్ మళ్లీ సైన్ ఇన్ చేయమంటుంది. పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటుంది కానీ లోపలికి పంపదు. అకౌంట్ డిసేబుల్ అయిందనో, తల్లిదండ్రుల అనుమతి కావాలనో చెప్పి అక్కడే నిలబెడుతుంది. చాలామంది వెంటనే చేసే పని పాస్‌వర్డ్ రీసెట్. దాని వల్ల ఇక్కడ ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే పాస్‌వర్డ్ సరైనదే. అడ్డుపడుతున్నది వయసు.

ముందు ఒక కంప్యూటర్లో, బ్రౌజర్లో ప్రైవేట్ విండో తెరిచి, పిల్లల అకౌంట్‌తో myaccount.google.com లోకి వెళ్లి చూడండి. ఫోన్లో యాప్‌లు ఒక్కోటి ఒక్కో రకంగా చెప్తాయి, కొన్ని ఏమీ చెప్పకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. బ్రౌజర్లో మాత్రం అసలు కారణం వాక్యంగా కనిపిస్తుంది. అక్కడ వయసు గురించి మాట ఉంటే మీ కేసు కింద చెప్పేదే.

అసలు ఏం జరుగుతుందంటే

సొంతంగా గూగుల్ అకౌంట్ నడుపుకోవడానికి చాలా దేశాల్లో కనీస వయసు 13. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అంతకంటే చిన్నపిల్లల అకౌంట్ ఉండాలంటే తల్లిదండ్రులు ఒప్పుకుని, గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ అనే యాప్ ద్వారా తమ పర్యవేక్షణలో పెట్టుకోవాలి. ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకోండి. పాపకి 12 ఏళ్లు. ఎప్పుడో అకౌంట్ తెరిచినప్పుడు ఏదో ఒక పాత సంవత్సరం కొట్టేశారు, కాబట్టి గూగుల్ లెక్కలో ఆ పాప పెద్దమనిషి. ఆ అకౌంట్‌నే అమ్మ ఫ్యామిలీ ప్లాన్‌లో మామూలు సభ్యురాలిగా చేర్చారు. అంతా బాగానే నడిచింది. ఒకరోజు నాన్న సెట్టింగ్స్ చూస్తూ, పోనీ సరైన తేదీ పెడదామని మార్చారు. ఆ క్షణం నుంచి అది అనుమతి లేని చిన్నపిల్ల అకౌంట్ అయిపోయింది.

చిక్కంతా ఎక్కడంటే, అకౌంట్ ఆ రోజే ఆగదు. సరిచేసుకోవడానికి 14 రోజుల గడువు ఇస్తారు. హెచ్చరికలేమో పాప మెయిల్‌కి వస్తాయి, 12 ఏళ్ల పిల్లలు మెయిల్ ఎక్కడ చదువుతారు! రెండు వారాల తర్వాత ఫోన్ ఆగిపోతే, అప్పుడెప్పుడో మార్చిన తేదీకీ దీనికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మొన్న అప్‌డేట్ చేశాం కదా, అదే చెడగొట్టిందనుకుని ఫోన్ ఫార్మాట్ కొట్టేవాళ్లూ ఉంటారు. దయచేసి కొట్టకండి, అలా చేస్తే ఫోన్లో మిగిలినవి కూడా పోతాయి, అకౌంట్ మాత్రం అలాగే ఉంటుంది.

ఫ్యామిలీ ప్లాన్‌లో ఇప్పటికే ఉంది కదా, మళ్లీ అనుమతేంటి అని అడుగుతారు. ప్లాన్‌లో ఉండడం వేరు, పర్యవేక్షణ వేరు. స్టోరేజీ, సబ్‌స్క్రిప్షన్ పంచుకోవడానికి గ్రూపులో ఉంటే చాలు. పిల్లల అకౌంట్‌కి మాత్రం ఫలానా పెద్దవారు బాధ్యత తీసుకున్నారని విడిగా నమోదు కావాలి.

పరిష్కారం

బ్రౌజర్లో పాప అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే వచ్చే స్క్రీన్ మీద రెండు దారులు ఉంటాయి: తల్లిదండ్రుల పర్యవేక్షణ పెట్టించుకోవడం, లేదా గుర్తింపు పత్రంతోనో క్రెడిట్ కార్డుతోనో వయసు నిరూపించుకోవడం. రెండోది నిజంగా వయసు సరిపోయినవారి కోసం, అంటే తేదీ కొట్టేటప్పుడు సంవత్సరం పొరపాటున తప్పు పడినవారి కోసం. మన కేసులో అమ్మ కార్డు పెట్టి దాటించేద్దాం అనిపిస్తుంది. దాటితే ఆ అకౌంట్‌ని పెద్దవాళ్ల అకౌంట్‌గానే చూస్తారు, పిల్లల కోసం ఉండే అడ్డుకట్టలు ఒక్కటీ ఉండవు. నేనైతే ఆ దారి వద్దంటాను.

పర్యవేక్షణ ఎంచుకుంటే పెద్దవారి మెయిల్, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. మన కథలో నాన్న తన మెయిల్ ఇచ్చారు, ఒప్పుకోలేదు. కారణం, ఆ గ్రూపు మొదలుపెట్టి నడిపే మేనేజర్ అమ్మ. నాన్న కూడా పాపలాగే మామూలు సభ్యుడు. అమ్మ మెయిల్‌తో చేస్తే పని అయిపోతుంది. లేదా అమ్మ families.google.com లోకి వెళ్లి, నాన్నకి తల్లిదండ్రుల హోదా ఇస్తే తర్వాత ఆయన కూడా అనుమతులు ఇవ్వగలుగుతారు.

అమ్మ మెయిల్ కూడా పనిచేయకపోతే దేశం చూడండి. పెద్దవారి అకౌంట్, పిల్లల అకౌంట్ ఒకే దేశానికి చెంది ఉండాలి. ఈమధ్య దేశం మారిన కుటుంబాల్లో ఒకరిది పాత దేశంలోనే ఉండిపోవడం మామూలే. సైన్ ఇన్ అయి ఉండి policies.google.com/terms తెరిస్తే ఆ అకౌంట్ ఏ దేశం కింద ఉందో రాసి ఉంటుంది. రెండు అకౌంట్లతోనూ విడివిడిగా చూసి పోల్చండి.

పాప వేరే ఎవరి గ్రూపులోనో, ఉదాహరణకి బాబాయి ప్లాన్‌లో ఉంటే, ముందు అందులోంచి తప్పించాలి. మేనేజర్‌తో కలిపి ఆరుగురికే చోటు కాబట్టి మీ గ్రూపులో ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. గ్రూపు మారడం 12 నెలలకు ఒక్కసారే కుదురుతుంది, అందుకని తొందరపడి తీసి, మళ్లీ పెట్టి, ఇంకోచోట చేర్చి ప్రయోగాలు చేయకండి.

అనుమతి ఇచ్చినా ఫోన్లో రాకపోతే

బ్రౌజర్లో తెరుచుకుంటోంది, ఆండ్రాయిడ్ ఫోన్లో మాత్రం రావడం లేదంటే, అదే ఫోన్లో ఇంకో అకౌంట్ కూడా ఉందేమో చూడండి. పర్యవేక్షణలో ఉన్న అకౌంట్ పక్కన అమ్మ అకౌంటో నాన్న అకౌంటో ఉంటే కుదరదు, స్కూల్ అకౌంట్‌కి మాత్రం మినహాయింపు ఉంది. ఇంట్లో అందరూ వాడే పాత ఫోన్ అయితే సమస్య దాదాపు ఇదే. ఆ రెండో అకౌంట్ ఫొటోలు, కాంటాక్టులు సింక్ అయ్యాయని చూసుకుని దాన్ని తీసేసి, పాప అకౌంట్ కొత్తగా చేర్చండి. చేర్చేటప్పుడు మళ్లీ అమ్మ పాస్‌వర్డ్ అడుగుతుంది, అది తప్పు కాదు.

అకౌంట్ వచ్చింది కానీ ఏదో గేమ్‌లోకి, చదువుల యాప్‌లోకి గూగుల్‌తో సైన్ ఇన్ అవ్వడం లేదంటే అది వేరే సంగతి. 13 లోపు పిల్లలు బయటి యాప్‌లకి గూగుల్ అకౌంట్ వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫ్యామిలీ లింక్‌లో పాప పేరు మీద నొక్కి, అకౌంట్ సెట్టింగ్స్‌లో బయటి యాప్‌ల భాగం చూడండి. యూట్యూబ్ కూడా అంతే, పిల్లల యూట్యూబా, పర్యవేక్షణతో మామూలుదా అని పెద్దవాళ్లు ఎంచుకునేదాకా తెరుచుకోదు.

ఈ టెన్షన్‌లో ముట్టుకోకూడనిది ఒకటుంది. 13 లోపు పిల్లలకి అనుమతి వెనక్కి తీసుకోవడమంటే అకౌంట్ డిలీట్ చేయడమే. ఒకసారి తీసేసి మళ్లీ పెడదాం అనుకుని ఆ బటన్ నొక్కితే పాప మెయిల్, ఫొటోలు, కొన్న యాప్‌లు అన్నీ దాంతోపాటే పోతాయి. డిసేబుల్ అయిన అకౌంట్‌ని అలాగే వదిలేసినా అదే గతి, కాబట్టి బ్రౌజర్లో వచ్చిన స్క్రీన్ మీద గడువు తేదీ కనిపిస్తే దాన్ని రాసి పెట్టుకుని, ఆ లోపే అమ్మ అకౌంట్‌తో పని ముగించేయండి.